హాల్లో 91, పడగ్గదిలో 6: వైఫై ఎక్కడ ఆగిపోతోంది?

మా అక్క వాళ్లది 100 ఎంబీపీఎస్ ప్లాన్. పడగ్గదిలో మాత్రం వీడియో కాల్ పెడితే ముఖం బిగుసుకుపోయేది. కంప్లైంట్ ఇస్తే మనిషి వచ్చి, హాల్లో రౌటర్ పక్కనే నిలబడి స్పీడ్ టెస్ట్ చేసి, "బానే వస్తోంది కదమ్మా" అని వెళ్లిపోయాడు. అతను చెప్పిందీ నిజమే, అక్క బాధా నిజమే.

ముందు తేల్చుకోవాల్సింది: తప్పు లైన్‌దా, వైఫైదా?

ల్యాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తో నేరుగా రౌటర్‌కి తగిలించి టెస్ట్ చేయండి. అక్కడా తక్కువే వస్తే కంపెనీకి ఫోన్ చేయాల్సిందే, రౌటర్ జరిపి లాభం లేదు. ప్లాన్ 300 అయ్యుండి కేబుల్‌లో సరిగ్గా 94 దగ్గర ఆగిపోతుంటే మాత్రం కేబుల్‌నో పోర్టునో అనుమానించండి. లోపలి ఎనిమిది తీగల్లో ఒకటి తెగినా వేగం 100కి పడిపోవచ్చు.

అక్క ఇంట్లో కేబుల్‌తో 94, రౌటర్ వదిలే రెండు బ్యాండ్‌లలో వేగమైన 5 గిగాహెర్ట్జ్ మీద రౌటర్ దగ్గర 91, పడగ్గదిలో 6. అంటే లైన్ బాగుంది, దారిలోనే ఏదో మింగేస్తోంది.

దారిలో ఏముంది?

రౌటర్ టీవీ యూనిట్ కింది అరలో, టీవీకి వెనకగా ఉంది. పడగ్గది గోడకి అవతల నిలువెత్తు అద్దమున్న ఇనప బీరువా. ఇటుక గోడ సిగ్నల్‌ని కొంత తగ్గిస్తుందంతే, ఇనుము మాత్రం వెనక్కి కొట్టేస్తుంది. అద్దం వెనక పూతా లోహమే.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్ ఏదైనా వేసుకుని ఇల్లంతా నడవండి. అది చూపించే అంకె మైనస్‌లో ఉంటుంది. -50 అంటే బ్రహ్మాండం, -67 దాటి దిగజారితే కాల్స్ తడబడతాయి, -80 అంటే దాదాపు లేనట్టే. అక్క గది గుమ్మంలో -64 ఉన్నది, మంచం దగ్గరికి నాలుగడుగులు వేసేసరికి -78 అయింది. అది దూరం వల్ల కాదు, బీరువా నీడ.

బీరువా కదిలించడం అక్కకి ఇష్టం లేదు, అందుకే రౌటర్‌నే కదిలించాం. పడగ్గది గుమ్మం పక్క గోడకి, ఆరడుగుల ఎత్తులో బిగించాం. దానికి ఫైబర్ తీగ పొడుగుది కావాలి. షాపులో పాత తీగ తల రంగు చూపించి అదే అడగండి, ఆకుపచ్చ తలకి నీలం తల సరిపోదు. లోపల గాజు కాబట్టి మూలల్లో మడిచి నొక్కొద్దు. రౌటర్ మీద LOS లైటు ఎర్రగా వెలిగితే సిగ్నల్ రౌటర్ దాకా రావడం లేదని అర్థం. యాంటెనాలు నిటారుగా నిలబెట్టండి, సిగ్నల్ వాటి పక్కలకి పరుచుకుంటుంది కానీ కొసల్లోంచి పెద్దగా పోదు.

మంచం దగ్గర -61 అయింది, 5 గిగాహెర్ట్జ్ మీద 74 వచ్చింది.

పగలు బాగుండి రాత్రి తొమ్మిదికి నత్తనడక అయితే

పాత ఫోన్లు, రెండో బ్యాండ్ అయిన 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకునేవి, రాత్రి మళ్లీ 8కి దిగాయి. కారణం ఇరుగుపొరుగు. యాప్‌లో చూస్తే అపార్ట్‌మెంట్‌వి పద్నాలుగు వైఫైలు, ఎక్కువ భాగం 6వ ఛానెల్ మీదే. మాది Auto లో ఉండి 4 మీద కూర్చుంది, వెడల్పు 40MHz.

2.4లో 20MHz వెడల్పుతో ఒకదానితో ఒకటి తగలకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే. ఖాళీగా కనిపించిందని మధ్యలో 4 పట్టుకోవడం అన్నిటికంటే చెడ్డది. ఒకే ఛానెల్ మీద ఉన్న రౌటర్లు ఒకరి మాట ఒకరు విని వంతులేసుకుంటాయి, సగం తగిలే ఛానెల్‌వి ఒకదానికొకటి రొదగానే వినిపిస్తాయి.

బ్రౌజర్‌లో రౌటర్ అడ్రస్ (చాలావాటికి 192.168.1.1) కొట్టి లోపలికి వెళ్లండి, పాస్‌వర్డ్ రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. మేం మార్చినవి ఇవీ:

```
2.4GHz  Channel: 1    Channel Width: 20MHz
5GHz    Channel: 36   Channel Width: 80MHz
Security: WPA2-PSK (AES)
```

Security లో TKIP ఉంటే తీసేయండి, అది ఉన్నంతకాలం వేగం 54 దాటదు. Smart Connect లాంటిది ఉంటే ఆపి, రెండు బ్యాండ్‌లకీ వేరు పేర్లు పెట్టండి. కలిపి ఉంచితే కొన్ని ఫోన్లు సిగ్నల్ గీతలు ఎక్కువ కనిపిస్తున్నాయని 2.4నే పట్టుకు వేలాడతాయి. రాత్రి 2.4 మీద 8 కాస్తా 25 అయింది.

రిపీటర్ కొందామా?

చాలామంది దాన్ని సిగ్నల్ రాని గదిలోనే పెడతారు. రానిదాన్ని అదేం పంచుతుంది? -60 అందే చోట, సగం దారిలో పెట్టాలి. అలా పెట్టినా చవక రకాల్లో వేగం సగమవుతుంది. లాన్ తీగ లాగగలిగితే దాని చివర పాత రౌటర్ పెట్టి, అందులో ఫోన్లకి అడ్రస్‌లు పంచే DHCP ఆపేసి, మొదటి రౌటర్‌తో ఢీకొనకుండా దాని సొంత అడ్రస్ మార్చి వాడుకోవడం మేలు.

అక్క వాళ్ల బాల్కనీకి మాత్రం ఇప్పటికీ 5 గిగాహెర్ట్జ్ అందదు, మధ్యలో రెండు గోడలున్నాయి. పొద్దున్నే అక్కడ పేపర్ చదివే బావకి 2.4 చాలట.