క్రిస్టల్ వయొలెట్ రంగు వెలిసే చర్యలో అసలు రేటు స్థిరాంకాన్ని ఎలా కనుక్కోవాలి?

ఊదారంగు క్రిస్టల్ వయొలెట్ ద్రావణంలో సోడియం హైడ్రాక్సైడ్ కలిపితే రంగు మెల్లగా వెలిసిపోతుంది. హైడ్రాక్సైడ్ అయాను రంజకం మధ్యలోని కార్బన్‌కు చేరడమే దీనికి కారణం. చర్యా వేగం రెండింటి గాఢతల మీదా ఆధారపడుతుంది:

వేగం = k₂[CV⁺][OH⁻]

రెండు గాఢతలూ ఒకేసారి మారుతుంటే లెక్క చిక్కుపడుతుంది. అందుకే ఒకదాన్ని మారనివ్వకుండా చేస్తాం.

1. ద్రావణాలు. కలిపిన తర్వాత రంజకం 0.00001 మోలార్, హైడ్రాక్సైడ్ 0.02 మోలార్ ఉండేలా చూడండి. అంటే హైడ్రాక్సైడ్ 2000 రెట్లు ఎక్కువ. రంజకమంతా ఖర్చయినా హైడ్రాక్సైడ్‌లో తగ్గేది 0.05 శాతమే, కాబట్టి దాన్ని స్థిరంగా ఉన్నట్టే తీసుకోవచ్చు. అప్పుడు k₂[OH⁻] మొత్తం ఒకే స్థిరాంకం k′ అవుతుంది. చర్య ప్రథమ క్రమాంకంలా నడుస్తుంది కనుక దీన్ని మిథ్యా ప్రథమ క్రమాంక చర్య అంటారు.

సోడియం హైడ్రాక్సైడ్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. సీసా మీద రాసిన గాఢతను నమ్మకుండా అంశమాపనం చేసి తేల్చుకోండి.

2. కొలత. ఉష్ణోగ్రతను స్థిరంగా ఉంచి, 590 నానోమీటర్ల వద్ద శోషణం A ను నిర్ణీత వ్యవధుల్లో నమోదు చేయండి. ఈ రంజకం క్యువెట్ గోడలకు అంటుకుంటుంది. అందువల్ల చర్య ముగిశాక కూడా శోషణం సున్నాకు దిగకపోవచ్చు. ఆ చివరి విలువ A∞ ను ప్రతి కొలత నుంచి తీసివేసి, కాలానికి ఎదురుగా ln(A − A∞) గ్రాఫు గీయండి. సరళరేఖ వస్తే దాని వాలు −k′. తీసివేయడం మరిచిపోతే రేఖ తోక దగ్గర చదునుగా వంగుతుంది.

3. హైడ్రాక్సైడ్‌ను మార్చడం. అసలు స్థిరాంకం చేతికొచ్చేది ఇక్కడే. ఉదాహరణకు 0.02, 0.04, 0.06, 0.08 మోలార్ల వద్ద k′ విలువలు 0.0031, 0.0061, 0.0091, 0.0121 s⁻¹ వచ్చాయనుకుందాం. హైడ్రాక్సైడ్ గాఢతకు ఎదురుగా k′ ను గీస్తే

k₂ = (0.0121 − 0.0031) / (0.08 − 0.02) = 0.15 M⁻¹ s⁻¹

ఒక్క ప్రయోగంతో సరిపెట్టుకుని 0.0031 ను 0.02 తో భాగిస్తే 0.155 వస్తుంది. రేఖ మూలబిందువు గుండా కాకుండా 0.0001 వద్ద అక్షాన్ని తాకడమే ఈ తేడాకు కారణం. రంజకం నీటితో జరిపే చర్య వంటివి ఆ అంతరఖండంలో కనిపిస్తాయి. అందుకే నేను భాగహారాన్ని కాక వాలునే నమ్ముతాను.

ఇక్కడ గాఢత అంటే కలిపిన తర్వాతి గాఢత. సమాన ఘనపరిమాణాలు కలిపి, పాత గాఢతనే లెక్కలో వేస్తే k₂ సగమే వస్తుంది.

4. అయానిక బలం. వ్యతిరేక ఆవేశాలున్న అయాన్ల మధ్య చర్య ఇది. ద్రావణంలో లవణం పెరిగేకొద్దీ k₂ తగ్గుతుంది. కేవలం హైడ్రాక్సైడ్‌నే పెంచుకుంటూ పోతే k′ రేఖ కిందికి వంగుతుంది. సోడియం క్లోరైడ్ చేర్చి మొత్తాన్ని 0.1 మోలార్ వద్ద నిలపండి: 0.02 హైడ్రాక్సైడ్‌కు 0.08 క్లోరైడ్, 0.08 కు 0.02. ఫలితం రాసేటప్పుడు ఉష్ణోగ్రతతో పాటు ఈ అయానిక బలాన్నీ పేర్కొనాలి.

5. సరిచూడటం. రంజకం గాఢతను సగానికి తగ్గించి, మిగతావన్నీ అలాగే ఉంచి మళ్లీ చేయండి. k′ మారకూడదు. మారిందంటే రంజకం విషయంలో చర్య ప్రథమ క్రమాంకంలో నడవడం లేదు, లేదా కొలతలో ఎక్కడో దోషం ఉంది.