జిగ్‌బీ బల్బుల అప్‌డేట్ మధ్యలో ఆగిపోతోందా?

ఇంట్లో ఆరు బల్బులు, రెండు డోర్ సెన్సార్లకు ఒకేసారి అప్‌డేట్ నొక్కితే వాటిలో సగం 30 శాతం దగ్గరే ఆగిపోయేవి. ఇప్పుడు ఒక్కొక్కటిగా చేస్తున్నాను, అన్నీ పూర్తవుతున్నాయి.

కారణం చిన్నదే. వీటన్నిటినీ కలిపి నడిపే హబ్ అప్‌డేట్ ఫైలును ఒక్కసారిగా పంపదు. బల్బే 50 బైట్ల చొప్పున ముక్క తర్వాత ముక్క అడిగి తీసుకుంటుంది. 2 లక్షల బైట్ల ఫైలంటే 4,000 సార్లు అడగాలి. సెకనుకు నాలుగు ముక్కలు వచ్చినా దాదాపు 17 నిమిషాలు. అన్నీ ఒకేసారి అడిగితే జిగ్‌బీ వాడే చిన్న రేడియో దారి ఇరుకైపోతుంది.

ముందు హబ్‌కు దగ్గరున్న బల్బు, అది 100 శాతం అయ్యాకే తర్వాతిది. సెన్సార్లు చివర్లో. సెన్సార్ ఎక్కువసేపు నిద్రలోనే ఉంటుంది కాబట్టి కొత్త బ్యాటరీ వేసి, హబ్ పక్కన పెట్టి, Update నొక్కగానే దాని చిన్న బటన్‌ను ఒకసారి నొక్కి లేపండి.

మధ్యలో ఎవరైనా గోడ స్విచ్ ఆపేస్తే మాత్రం ఇదీ పనిచేయదు. ఆ బల్బే కాదు, దాని మీదుగా హబ్‌ను అందుకుంటున్న సెన్సార్ అప్‌డేట్ కూడా ఆగిపోతుంది. నేను స్విచ్ మీద టేపు అంటిస్తున్నాను.