గోంగూర పచ్చడి వీడియో అమెరికా పిల్లలకు చేరిన విధానం

మా వంటల చానల్‌లోని గోంగూర పచ్చడి వీడియోను ఇక్కడివారు బాగా చూస్తున్నా, అమెరికా నుంచి చూసేవారు చాలా తక్కువగా ఉన్నారని, ఆ కొద్దిమందీ gongura pachadi అని ఇంగ్లీషు అక్షరాల్లో వెతుకుతున్నారని యూట్యూబ్ గణాంకాల్లో కనిపించింది. తెలుగు అర్థమైనా లిపి చదవలేని అక్కడి తెలుగు పిల్లల కోసం శీర్షికలో తెలుగు పేరును ముందుంచి, పక్కనే అవే ఇంగ్లీషు అక్షరాలు చేర్చాను. వీడియోలో మాటను మాత్రం పూర్తిగా తెలుగులోనే ఉంచాను, ఎందుకంటే మధ్యలో ఇంగ్లీషు దొర్లితే ఇంటి దగ్గరి పెద్దలకు తయారీ విధానం అర్థం కాదు. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లను స్వయంగా రాసుకున్నాను. యంత్రం చేసిన అనువాదం పోపు దగ్గరే తడబడింది. వివరణలో కొలతలతోపాటు, అక్కడి దుకాణాల్లో సోరెల్ పేరుతో దొరికే ఆకు వేరే మొక్కది కావచ్చని, భారతీయ దుకాణంలో గోంగూర అనే అడగమని ఇంగ్లీషులో రాశాను. ఆ తర్వాత వ్యాఖ్యల్లో అక్కడి పిల్లల ప్రశ్నలు కనిపించసాగాయి.