కెల్లీ ఫార్ములా ప్రకారమే వేశాను, డబ్బు ఎందుకు తగ్గింది?

మా బావమరిది గాజువాకలో ఉంటాడు. ఆదివారం మా ఇంటికి ఎంవీపీ కాలనీకి వచ్చినప్పుడు సంచిలోంచి ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు. అందులో 100 ట్రేడ్లు, ఒక్కోటి ఒక్కో లైను. లాభం నీలం పెన్నుతో, నష్టం ఎర్ర పెన్నుతో రాసుకున్నాడు. నిఫ్టీ ఆప్షన్లు కొంటాడు. ప్రీమియం 100 దగ్గర కొని, 60కి స్టాప్ లాస్, 160కి టార్గెట్ పెడతాడు. అంటే పోతే 40, వస్తే 60. వందలో 50 గెలిచాడు.

"ఏటి బావా ఇది? ఫార్ములా వేసి, అది చెప్పినంతే పెట్టాను. 4 లక్షలు 2.6 లక్షలయ్యాయి."

అతని లెక్కలో కూడిక తప్పు లేదు, తీసివేత తప్పు లేదు. అయినా డబ్బు పోయింది. ఇలాంటి ఇబ్బంది చాలామందికి వస్తుంది కాబట్టి ఒక్కో లక్షణం పట్టుకుని కారణం దాకా వెళ్దాం.

ముందు, ఒక్కో ట్రేడ్‌లో ఎంత రిస్క్ చేయాలో చెప్పే కెల్లీ ఫార్ములా. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన జాన్ కెల్లీ 1956లో దీన్ని రాశాడు. దాన్ని బ్లాక్‌జాక్ అనే పేకాట టేబుల్ దగ్గరికీ, తర్వాత మార్కెట్లోకీ తీసుకెళ్లినవాడు గణిత ప్రొఫెసర్ ఎడ్ థోర్ప్.

```
f = p - (1 - p) / b
```

p అంటే గెలిచే అవకాశం. b అంటే పోయే రూపాయికి వచ్చే లాభం. f అంటే మన మొత్తం డబ్బులో ఒక్క ట్రేడ్‌లో పోగొట్టుకోవడానికి సిద్ధపడే భాగం. ఇది ట్రేడ్‌లో పెట్టే డబ్బు కాదు, స్టాప్ తగిలితే పోయే డబ్బు. ఈ తేడా దగ్గరే సగం మంది తప్పటడుగు వేస్తారు, మావాడు మాత్రం ఇది సరిగ్గానే పట్టుకున్నాడు. p 0.5, b 1.5 పెడితే f 16.67 శాతం వస్తుంది. 4 లక్షల్లో 66,667. ఒక లాట్‌లో 65 యూనిట్లు అనుకుంటే ఒక్కో లాట్‌కి రిస్క్ 2,600. అందుకే 25 లాట్లతో మొదలుపెట్టి, ఖాతా మారేకొద్దీ అదే శాతానికి లాట్లు సర్దుతూ వచ్చాడు.

సమస్య 1: గెలుపు శాతం కాస్తే తగ్గింది, కానీ పెరుగుదల మొత్తం ఆగిపోయింది

ఆ 100 ట్రేడ్ల లెక్కతో సైజు కట్టుకుని కొత్తగా వేసిన 40 ట్రేడ్లలో 18 గెలిచాడు. 20 రావాల్సింది 18 వచ్చాయి, అంతే. స్టాప్ ప్రతిసారీ కచ్చితంగా 40 నష్టం దగ్గరే తగిలి ఉన్నా ఆఖరికి 4.02 లక్షలే మిగిలేవి. అంటే 40 ట్రేడ్లు ఆడింది ఊరికే.

కారణం: కెల్లీకి p ఖచ్చితంగా తెలియాలి. పేకముక్కల్లో అది లెక్క కట్టొచ్చు, మార్కెట్లో మన చేతిలో ఉన్నది అంచనా మాత్రమే. 100 ట్రేడ్లలో 50 గెలిస్తే ఆ 50 శాతానికి అటూ ఇటూ 5 శాతం పొరపాటు మామూలే. అసలు p 45 శాతం అయ్యి ఉండొచ్చు, అలాంటప్పుడు కూడా వందలో 50 రావడం వింతేమీ కాదు. 40 ట్రేడ్లలో 18 చూసి అది 50 శాతం పద్ధతో 45 శాతం పద్ధతో ఎవరూ తేల్చలేరు. ఆ రెండింటినీ కాస్త నమ్మకంగా వేరు చేయాలంటే దాదాపు 400 ట్రేడ్లు కావాలి.

p నిజంగా 0.45 అయితే అసలు f 8.33 శాతం. మావాడు పెట్టింది 16.67. సరిగ్గా రెట్టింపు. కెల్లీలో రెట్టింపు పెట్టడమంటే ఏమిటో షీట్‌లో ఈ రెండు లైన్లు వేసి చూడండి.

```
=0.45*LN(1+1.5*0.0833)+0.55*LN(1-0.0833)
=0.45*LN(1+1.5*0.1667)+0.55*LN(1-0.1667)
```

మొదటిది 0.0051, అంటే ట్రేడ్‌కి సగటున అర శాతం పెరుగుదల. రెండోది 0.0001, అంటే సున్నా. పద్ధతి లాభాల పద్ధతే, మార్కెట్ మీద పైచేయి మనదే, అయినా సైజు రెట్టింపు అయ్యేసరికి పెరుగుదలంతా కరిగిపోయింది. రెట్టింపు దాటితే మంచి పద్ధతి కూడా డబ్బు తినేస్తుంది.

ఇప్పుడు అటువైపు చూడండి. 8.33 పెట్టాల్సిన చోట అందులో సగం, 4.17 పెడితే ఏమవుతుంది? 0.0039 వస్తుంది. అంటే సగం పెట్టినా పెరుగుదలలో ముప్పావు వంతు చేతికొస్తుంది. రెట్టింపు పెడితే మొత్తం పోతుంది, సగం పెడితే పావు వంతే పోతుంది. మన అంచనా ఎటు తప్పుతుందో తెలియనప్పుడు తక్కువ వైపు తప్పడమే చవక. ట్రేడర్లు కెల్లీలో సగం, పావు వాడటానికి అసలు కారణం ఇదే. దీన్ని భయం అనుకునేవాళ్లున్నారు గానీ, నా దృష్టిలో ఇది కేవలం లెక్క.

పరిష్కారం: మీ గెలుపు శాతాన్ని ఉన్నదున్నట్టు ఫార్ములాలో పెట్టకండి. p ని (1 - p) తో గుణించి, ట్రేడ్ల సంఖ్యతో భాగించి, వర్గమూలం తీయండి. 100 ట్రేడ్లకు, 50 శాతానికి అది 0.05 వస్తుంది. దాన్ని p లోంచి తీసేసి మిగిలింది వాడండి. మావాడికి 0.45.

సమస్య 2: స్టాప్ 40 నష్టానికి పెట్టాం, నష్టం మాత్రం 40 దగ్గర ఆగట్లేదు

మరి 4.02 లక్షలు ఉండాల్సిన చోట 2.6 ఎందుకున్నాయి? నోట్‌బుక్‌లో ఎర్ర పెన్నుతో ప్రతి నష్టానికీ "40" అని రాసి ఉంది. అన్నీ ఒకే అంకె ఎలా ఉంటాయని నాకు అనుమానం వచ్చింది. బ్రోకర్ పంపే కాంట్రాక్ట్ నోట్లు తెరిపించి ఒక్కోటీ సరిచూశాం. 60 రావాల్సిన చోట 57కి అమ్ముడైనట్టు ఉంటుంది కదా, అలా కాస్త కాస్త జారుడు, దానికి తోడు బ్రోకరేజీ, పన్నులు. సగటు నష్టం 44 తేలింది. అంటే అతను రాసుకున్నది పెట్టిన స్టాప్, అనుభవించిన నష్టం కాదు.

40 కి 44 పెద్ద తేడా అనిపించదు. కానీ b 1.5 నుంచి 1.36కి పడుతుంది. p 0.45తో మళ్లీ వేస్తే f 8.33 కాదు, 4.67 శాతం. నష్టం పదో వంతు పెరిగితే కెల్లీ దాదాపు సగానికి పడిపోయింది. ఇటు మావాడు ఒక్కో నష్టానికి నిజంగా పోగొట్టుకుంటున్నది 16.67 కాదు, 18.3 శాతం. పెట్టాల్సినదానికి దాదాపు నాలుగు రెట్లు. 18 లాభాలు, 22 నష్టాలు ఈ లెక్కన వేసి చూశాం. 2.58 లక్షలు వచ్చింది, అతని ఖాతాలో ఉన్నదీ దాదాపు అంతే.

ఇందులోనే ఇంకో ముల్లు ఉంది. రాత్రికి పొజిషన్ ఉంచేవాళ్లకు స్టాప్ అనేది మార్కెట్ తెరిచి ఉన్నంతసేపే. 60కి స్టాప్ అనుకున్న ఆప్షన్ ఒకటి నాకు ఓసారి పొద్దున 9:15కి 15 దగ్గర ఓపెన్ అయింది. 2024 జూన్ 4న, ఎన్నికల ఫలితాల రోజు, మార్కెట్ తెరిచి ఉండగానే నిఫ్టీ దాదాపు 6 శాతం పడింది. అలాంటి రోజులు మన 100 ట్రేడ్ల నోట్‌బుక్‌లో ఒక్కటీ ఉండకపోవచ్చు, వచ్చే వందలో ఉండొచ్చు. 25 లాట్లతో 100 నుంచి 15కి పడితే 1.38 లక్షలు పోతాయి. ఖాతాలో మూడో వంతు, ఒక్క ఉదయంలో.

పరిష్కారం: b లెక్కకు సగటు నష్టం కాంట్రాక్ట్ నోట్లోంచి తీసుకోండి, స్టాప్‌లోంచి కాదు. ఖర్చులు కలిపే వేయండి.

సమస్య 3: నిద్ర పట్టట్లేదు, ఖాతా సగమైంది

కారణం: ఇది పొరపాటు కాకపోవచ్చు. అంచనాలన్నీ సరిగ్గా ఉన్నా, పూర్తి కెల్లీ మీద ఎప్పటికైనా డబ్బు మొదలుపెట్టినదాంట్లో సగానికి పడే అవకాశం రెండింట ఒకటి. సగం కెల్లీ మీద అది 8లో 1. పావు మీద 128లో 1. చిన్న చిన్న పందేలు చాలాసార్లు వేసే లెక్కలో వచ్చే అంకెలివి. వరసగా 5 స్టాప్‌లు తగిలితే 16.67 శాతం వేసేవాడికి 60 శాతం పోతుంది. 50 శాతం గెలుపు ఉన్న 100 ట్రేడ్లలో అలాంటి వరస ఒక్కటైనా వచ్చే అవకాశం దాదాపు 80 శాతం. సగం పోయాక ఎవరూ ఫార్ములా పట్టుకుని కూర్చోరు. మధ్యలో ఆపేస్తారు, లేదా రికవరీ కోసం ఇంకా పెంచుతారు. రెండూ కెల్లీ లెక్కలో లేనివే.

పరిష్కారం: పైన కుదించిన p, అసలు సగటు నష్టంతో వచ్చిన f లో సగం. మావాడికి 4.67లో సగం 2.3 శాతం. ఇక్కడ పెరుగుదల ముప్పావు వంతు మిగులుతుంది, భయం చాలా తగ్గుతుంది. పావు వాడతానంటే ఇంకా హాయి.

సమస్య 4: ఫార్ములా మైనస్ చూపిస్తోంది

సైజు తగ్గించాల్సిన కేసు కాదిది. ఆ పద్ధతిలో ఎంత పెట్టినా నష్టమే, కాబట్టి పెట్టాల్సింది సున్నా. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని సెబీ 2024 సెప్టెంబరులో చెప్పింది. అంటే చాలామంది నోట్‌బుక్‌లకు కెల్లీ ఇచ్చే సమాధానం ఇదే. మైనస్ వచ్చిందని p ని కాస్త పెంచి మళ్లీ వేసి చూసుకునేవాళ్లను కూడా చూశాను.

సమస్య 5: ఒకేసారి మూడు పొజిషన్లు

నిఫ్టీ, బ్యాంక్ నిఫ్టీ, ఒక పెద్ద బ్యాంకు షేరు, మూడింటిలోనూ పైకి పందెం వేస్తే అవి దాదాపు ఒకటే పందెం. f మూడింటికీ కలిపి ఒక్కటే, ఒక్కోదానికి విడివిడిగా కాదు.

ఇక లాట్ల లెక్క. 4 లక్షలకు 2.3 శాతం అంటే 9,200. లాట్‌కి నిజమైన నష్టం 44 చొప్పున 2,860. మూడు లాట్లు. వాటి ప్రీమియం మొత్తం 19,500, రాత్రికి రాత్రి అది సున్నా అయినా ఖాతాలో 5 శాతం లోపే. ఇది 4 లక్షలకు. ఇప్పుడు మిగిలిన 2.58 లక్షలకైతే దాదాపు 5,900, అంటే రెండే లాట్లు. 40,000తో మొదలుపెట్టేవాళ్లకు 2.3 శాతం అంటే 920, ఒక్క లాట్ కూడా రాదు. అలాంటప్పుడు ఒక లాట్ "పైకి సర్దుకోవడం" అంటే 7 శాతం రిస్క్, మళ్లీ మొదటికే. డబ్బు పెరిగేదాకా కాగితం మీదే ట్రేడ్ రాసుకోవడం తప్ప దారి లేదు.

మావాడు నోట్‌బుక్ వెనక పేజీలో ఇదంతా పెన్సిల్‌తో మళ్లీ వేసుకున్నాడు. 25 దగ్గర గీత కొట్టి పక్కన 2 రాశాడు. కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"రెండేనా బావా?"

"ఇంకో 100 ట్రేడ్లు రాయి. అప్పుడు p మళ్లీ వేద్దాం."