పాత ఖాతాకు పంపిన డబ్బు తిరిగొస్తోందా?

గుంటూరు మిర్చి యార్డులో సరుకు అమ్మిన రైతు పాత పాసుపుస్తకం నంబరు ఇస్తారు. వ్యాపారి నెఫ్ట్ చేస్తే సొమ్ము తిరిగొచ్చేస్తుంది. నంబరు తప్పు కాదండీ. రెండేళ్లకు మించి ఖాతాదారు వేయడం, తీయడం లేకపోతే ఆ ఖాతా ఇనాపరేటివ్, అంటే వాడుకలో లేనిది అవుతుంది. బ్యాంకు వేసే వడ్డీ ఈ లావాదేవీల లెక్కలోకి రాదు. మోసగాళ్లు వాడకుండా కొన్ని బ్యాంకుల సిస్టమ్ అలాంటి ఖాతాలో జమను తిప్పికొడుతుంది.

మళ్లీ మళ్లీ పంపకండి. రైతే ఆధార్, పాన్, ఫొటోతో ఆ బ్యాంకు ఏ బ్రాంచికైనా వెళ్లి కేవైసీ ఇవ్వాలి. విజయవాడలో ఉంటే అక్కడే ఇవ్వొచ్చు. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం రుసుము లేదు, పత్రాలన్నీ ఉంటే బ్యాంకు మూడు పనిదినాల్లో ఆ ఖాతాను మళ్లీ తెరవాలి. తెరిచాక కౌంటర్లో వంద రూపాయలు వేసి చూసి, అప్పుడు పెద్ద మొత్తం పంపమనండి.