ఎక్కాల పట్టికలో డాలర్ గుర్తు ఎక్కడ పెట్టాలి: నా అనుభవం

స్ప్రెడ్‌షీట్‌లో 10 వరకు ఎక్కాల పట్టిక తయారు చేయాలని, A2 నుంచి A11 వరకు నిలువుగానూ, B1 నుంచి K1 వరకు అడ్డంగానూ 1 నుంచి 10 అంకెలు వేసుకొని, B2లో ఈ ఫార్ములా రాశాను.

```
=A2*B1
```

B2లో 1 సరిగానే వచ్చింది. కానీ దాన్ని కుడివైపుకు లాగితే 2, 6, 24 అని వచ్చాయి. D2 మీద F2 కీ నొక్కి చూస్తే అక్కడ `=C2*D1` ఉంది. సాపేక్ష రిఫరెన్స్ ఫార్ములాతో పాటు కదులుతుంది కాబట్టి, A2 కాస్తా C2గా మారి, ప్రతి గడీ తన పక్కనున్న జవాబునే మళ్లీ గుణిస్తోంది.

ఆ కదలికను ఆపాలని `=$A$2*$B$1` అని మార్చాను. ఈసారి పట్టికంతా 1తో నిండిపోయింది, ఎందుకంటే స్థిర రిఫరెన్స్‌లో నిలువు వరుస, అడ్డు వరుస రెండూ కదలవు. ఒకే పన్ను రేటును అన్ని వరుసలకూ వర్తింపజేసేటప్పుడు సరిపోయే ఈ పద్ధతి ఇక్కడ పనికిరాదు.

నిజానికి ఎడమవైపు అంకెలు ఎప్పుడూ A నిలువు వరుసలోనే ఉంటాయి, మారవలసింది వాటి అడ్డు వరుస సంఖ్య మాత్రమే. పైనున్న అంకెలకు అడ్డు వరుస 1 స్థిరం, మారవలసింది అక్షరం. డాలర్ గుర్తు తన వెంటనే కుడిపక్కనున్న భాగాన్ని మాత్రమే కట్టేస్తుందని గ్రహించాక, మిశ్రమ రిఫరెన్స్‌తో ఇలా రాశాను.

```
=$A2*B$1
```

ఎక్సెల్‌లో ఫార్ములా టైపు చేస్తున్నప్పుడు A2 రాసిన వెంటనే F4 కీ మూడుసార్లు నొక్కితే $A2, B1 రాసిన వెంటనే రెండుసార్లు నొక్కితే B$1 వస్తాయి. K11 వరకు లాగి చూస్తే అక్కడ `=$A11*K$1` ఉంది, జవాబు 100 వచ్చింది.