మొదటి అక్షరం, పొడవు మాత్రమే ఇస్తే గజిబిజి పదాన్ని పట్టేదెలా?

పెన్సిలు, పాత క్యాలెండరు కాగితం చాలు. అక్షరానికో చీటీ చింపి గుండ్రంగా పరచండి. వరసగా పెడితే పజిల్‌లో ఇచ్చిన తప్పు వరసే కంటికి అతుక్కుపోతుంది.

డ, రా, సిం, య, కొం, గ. ఆరు అక్షరాలు, మొదటిది సిం. ఊరో మనిషో చెప్పలేదు.

ముందు లెక్క. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. గుణింతం, సున్న, ఒత్తు ఏది తగిలినా అక్షరం ఒకటే. మార్కాపురంలో ర్కా ఒక్కటి, కాబట్టి ఆ పేరుకు 4 గళ్లే. సున్నలకు విడిగా చీటీలు చింపితే మన పదం 8 అవుతుంది. అప్పుడు "అచ్చుతప్పేమోలే" అని వదిలేస్తారు! పొడవు ఇచ్చేది ఈ లెక్క సరిచూసుకోడానికే. తేడా ఎంత వచ్చిందో సున్నలు అన్నే ఉంటే పొరపాటు మీదే. కంప్యూటరుతో తయారుచేసిన పజిల్‌లో ఇదే పదానికి 11 అని పడొచ్చు, గుణింతపు గుర్తుల్ని కూడా అది విడివిడిగా లెక్కపెడుతుంది మరి.

మొదటి అక్షరం అచ్చయితే ఆ సూచన దండగే. ఉదయగిరిలో ఉ ఎటూ ముందుకే వస్తుంది, అచ్చు పదం మధ్యలో రావడం అరుదు. ఉత్త 'క' అని ఇచ్చి రు, కూ, దు, కం పడేస్తే మాత్రం జాగ్రత్త. కం, కూ రెండూ 'క' కిందికే వస్తాయి, రెంటితోనూ చూడాలి. కందుకూరు కం తోనే తేలుతుంది.

ఇప్పుడు రెండో అక్షరం జోలికి పోకండి, చివర పట్టుకోండి. సిం తర్వాత ఏదైనా రావచ్చు. ముందు ఊరే అనుకుని చూడండి, ఊరి పేర్ల తోకలు మాత్రం కొన్నే: కొండ, గిరి, కూరు, పాడు, పాలెం లాంటివి. ఆరు చీటీలను 720 రకాలుగా పేర్చవచ్చు. మొదటిది కుదిరితే 120, చివరి రెండూ కుదిరితే ఆరే. అచ్చులొక పక్క, హల్లులొక పక్క పెట్టే ఇంగ్లీషు పద్ధతి మనకు పనికిరాదు, మన హల్లులోనే అచ్చు కలిసి ఉంటుంది.

ఇక్కడొక ఎర ఉంది. చీటీల్లో 'రాయగడ' టక్కున కనబడుతుంది, ఒడిశాలో ఆ పేరున్న ఊరుంది కూడా. దాన్ని పట్టుకుంటే మిగిలేవి సిం, కొం. 'సింకొంరాయగడ' అని పైకి చదివితే నోటికే తెలిసిపోతుంది. నాలుగు అక్షరాలు ఎంత అందంగా అతికినా, మిగిలినవి అతక్కపోతే మొత్తం విప్పెయ్యాల్సిందే. చాలామంది విప్పరు, మిగిలిన రెంటినే అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంటారు.

కొండను చివర పెట్టండి. మిగిలినవి గ, రా, య. ఆరు వరసలూ పైకి చదవండి: సింయగరాకొండ, సింరాగయకొండ... సింగరాయకొండ. ఆరూ కుదరకపోతే తప్పు తోకలో ఉన్నట్టు, ఇంకో తోక పెట్టి చూడండి.

కుదిరాక ఒక్కో చీటీకీ టిక్కు పెట్టండి. కలకలం లాంటి పదంలో క రెండు సార్లు వస్తుంది, ఒక్క టిక్కుతో రెండూ కొట్టెయ్యకూడదు.